ముక్కూ మొహం తెలియనివారు నమ్మే మాట: చిన్న ఆన్‌లైన్ దుకాణం తన గురించి ఏం రాసుకోవాలి?

ఆన్‌లైన్ దుకాణాల్లో ‘మా గురించి’ అనే పేజీ ఒకటి ఉంటుంది. పాత ఖాతాదారులు దాన్ని తెరవరు, వాళ్లకు దానితో పని లేదు. తెరిచేది మొదటిసారి వచ్చినవారే. వాళ్లకు ఒక వస్తువు నచ్చింది, ధర కూడా ఫర్వాలేదనిపించింది. డబ్బు కట్టే ముందు మాత్రం మనసు ఒక్క క్షణం వెనక్కి లాగింది. ఆ క్షణంలో వాళ్లను వేధించేవి మూడు సందేహాలు. ఈ దుకాణం నిజంగా ఉందా? బొమ్మలో చూపించిన వస్తువే ఇంటికి వస్తుందా? తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలి? ‘మా గురించి’ పేజీ ఉన్నది ఈ మూడింటికి జవాబు చెప్పడానికే. దుకాణం పుట్టుక కథ అయినా, యజమాని ఆశయమైనా ఈ జవాబులకు తోడుగా వస్తేనే చదివేవారికి పనికొస్తుంది.

పెద్ద కంపెనీల పేరు జనానికి ముందే తెలిసి ఉంటుంది. చిన్న దుకాణానికి ఆ వెసులుబాటు లేదు. దానికి ఉన్న బలం వేరు: వస్తువు ఎక్కడ తయారైంది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఏ ధర ఎందుకు పెట్టారు అన్నవి యజమానికి స్వయంగా తెలుసు. ఆ తెలిసినదాన్ని, చదివేవారు సరిచూసుకోగలిగేలా రాయడమే ఈ పేజీ రచనలో అసలు పని.

నమ్మకం ఎక్కడ పుడుతుంది

వెబ్‌సైట్లను జనం ఎందుకు నమ్ముతారన్న విషయం మీద అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో బి.జె. ఫాగ్ బృందం చాలాకాలం పనిచేసింది. 2002లో ఆ బృందం 2,600 మందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనం చేసింది. పాల్గొన్నవారికి సైట్లు చూపించి, వేటిని ఎందుకు నమ్ముతున్నారో రాయమని అడిగారు. దాదాపు సగం వ్యాఖ్యలు సైటు రూపం గురించే ఉన్నాయి. అంటే తొలి అభిప్రాయం కంటితోనే ఏర్పడుతోంది. అదే ఏడాది ఆ బృందం సైట్లు నడిపేవారికి పది సూచనలు ఇచ్చింది. చెప్పిన విషయాన్ని సరిచూసుకునే వీలు కల్పించాలి, సైటు వెనక నిజమైన సంస్థ ఉందని చూపాలి, మనుషులు కనబడాలి, వాళ్లను సంప్రదించడం తేలిక కావాలి, సొంత డప్పు తగ్గించాలి, అక్షరదోషాలు ఉండకూడదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి.

ఈ సూచనల్లో ఎక్కడా ‘మనసును కదిలించే కథ చెప్పండి’ అని లేదు. వాటిలో ఎక్కువ భాగం ఆధారం చూపించే పనులే. ఫోన్ నంబరు పెట్టడం ఆధారం. ఆ నంబరుకు చేస్తే మనిషి పలకడం ఇంకా గట్టి ఆధారం. సైటు రూపం సందర్శకుణ్ణి గుమ్మం దాకా తెస్తుంది. లోపలికి రావాలా వద్దా అన్నది ఈ పేజీలోని మాటలు చూశాక తేలుతుంది.

ఒక దుకాణం, దాని మొదటి చిత్తుప్రతి

విషయం స్పష్టం కావడానికి ఒక ఊహాత్మక దుకాణాన్ని తీసుకోవచ్చు. మంగళగిరిలో ఒక జంట చేనేత నూలు చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. భర్త తండ్రి మగ్గం నేసిన మనిషి. భార్య గుంటూరులో లెక్కలు రాసే ఉద్యోగం చేసి మానేశారు. మొదట తెలిసినవారికి వాట్సాప్‌లో ఫొటోలు పంపి చీరలు అమ్మారు, తర్వాత సొంత సైటు పెట్టారు. చీరలు ఎనిమిది మగ్గాల నుంచి వస్తాయి. వాళ్లు ‘మా గురించి’ పేజీలో మొదట రాసుకున్నది ఇలా ఉందనుకుందాం:

“తరతరాల చేనేత వారసత్వాన్ని ఆధునిక అభిరుచికి జోడిస్తూ, అత్యుత్తమ నాణ్యత గల చీరలను అతి తక్కువ ధరలకు అందించడమే మా లక్ష్యం. ప్రతి చీరా ప్రేమతో నేసిన కళాఖండం. ఖాతాదారుల సంతృప్తే మాకు పరమావధి.”

ఇందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. కానీ ఈ మూడు వాక్యాలను కంచి పట్టు అమ్మేవారు, సూరత్ మిల్లు చీరలు అమ్మేవారు, చివరకు వస్తువే పంపని మోసగాడు కూడా ఒక్క అక్షరం మార్చకుండా తమ సైటులో పెట్టుకోవచ్చు. ఊరు పేరు లేదు, మనిషి పేరు లేదు, చీర ఎలాంటిదో లేదు. ‘అత్యుత్తమ’, ‘అతి తక్కువ’ అన్న మాటలను ఎవరూ కొలిచి చూడలేరు. మూడు సందేహాలతో వచ్చినవారు ఆ మూడింటితోనే వెనక్కి వెళతారు.

దీని నుంచి ఒక పరీక్ష దొరుకుతుంది. రాసిన ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ‘ఇదే వాక్యాన్ని ఇంకో దుకాణం పెట్టుకోగలదా?’ అని అడగాలి. పెట్టుకోగలిగితే ఆ వాక్యం కొట్టేయాలి, లేదా దానికి ఊరు, పేరు, కొలత, సంవత్సరం, పద్ధతి వీటిలో ఏదో ఒకటి చేర్చాలి. ‘నాణ్యమైన చీరలు’ అన్నది ఎవరైనా రాయగలరు. ‘పంపే ముందు ప్రతి చీరనూ పూర్తిగా విప్పి, వెలుతురుకు ఎత్తి, తెగిన పోగులు, మరకలు ఉన్నాయేమో చూస్తాం’ అని మాత్రం ఆ పని చేసేవారే రాయగలరు. అలా రాశాక ఆ పని మానేసే వీలు కూడా ఉండదు. పేజీ మీద నిలిచే వాక్యానికి గుర్తు అదే: చదివేవారు దాన్ని పట్టుకుని దుకాణాన్ని నిలదీయగలగాలి.

రాయడానికి ముందు సేకరించాల్సినవి

చాలా పేజీలు పేలవంగా ఉండడానికి కారణం రాసేవారికి భాష రాకపోవడం కాదు. సరుకు సేకరించకుండా నేరుగా వాక్యాలకు దిగడం. యజమానిని ఎదురుగా కూర్చోబెట్టి, మరొకరు ప్రశ్నలు అడిగి, జవాబులను మాట్లాడిన తీరులోనే రాసుకుంటే ఈ చిక్కు తీరుతుంది. సొంత పని గురించి ఎవరికి వారు రాసుకునేటప్పుడు, రోజూ చేసేదే కాబట్టి ముఖ్యమైనవి మామూలు విషయాలుగా తోచి వదిలేస్తారు. అడిగేవారు బయటివారైతే అవే బయటికి వస్తాయి.

మంగళగిరి జంటను అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఇలా ఉంటాయి. చీర ఎవరు నేస్తారు, ఏ మగ్గం మీద? నూలుకు రంగు ఎక్కడ అద్దిస్తారు? ఒక చీర దిగడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఖాతాదారులు ఎక్కువగా అడిగేదేమిటి, తిప్పి పంపేది ఎందుకు? అలాంటి ఫిర్యాదు వల్ల పని చేసే తీరులో ఏం మార్చుకున్నారు? ఏ రకం చీరలు అమ్మకూడదని నిర్ణయించుకున్నారు, ఎందుకు?

చివరి రెండు ప్రశ్నల నుంచే దుకాణం కథ బయటపడుతుంది. బ్రాండ్ కథ అనగానే చాలామంది పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెడతారు: ఫలానా ఏడాది మొదలెట్టాం, కష్టపడ్డాం, ఎదిగాం. చదివేవారికి అందులో తమకు సంబంధించింది ఏదీ కనబడదు. పనికొచ్చే కథకు వెన్నెముక ఒక నిర్ణయం. ఏదో ఇబ్బంది ఎదురైంది, దుకాణం ఒక పద్ధతి పెట్టుకుంది, ఆ పద్ధతి వల్ల కొనేవారికి ఇప్పుడు ఒక మేలు జరుగుతోంది. ఈ మూడు మెట్లు ఉంటే నాలుగు వాక్యాల్లోనైనా కథ నిలబడుతుంది.

ఈ జంట విషయంలో ఆ కథ రంగు దగ్గర ఉంది. వాట్సాప్ రోజుల్లో వాళ్లు ట్యూబులైటు వెలుగులో ఫొటోలు తీసేవారు. ఫోన్‌లో నీలంగా కనబడిన చీర ఇంటికి వెళ్లేసరికి ఊదా రంగులో ఉందని ఫిర్యాదులు వచ్చాయి. అప్పటి నుంచి పగటి వెలుతురులో, ఫిల్టర్లు లేకుండా, ప్రతి చీరకూ విడిగా ఫొటోలు తీస్తున్నారు. చీర తిరగవైపునూ, పైటనూ, అంచునూ దగ్గరగా చూపిస్తున్నారు. ‘తరతరాల వారసత్వం’ కన్నా ఈ చిన్న విషయం కొనేవారికి ఎక్కువ ధైర్యమిస్తుంది, ఎందుకంటే అది వాళ్ల రెండో సందేహానికి నేరుగా జవాబు.

పేజీని పేరా పేరాగా కట్టడం

‘మా గురించి’ పేజీకి రెండున్నర వందల నుంచి నాలుగు వందల మాటలు చాలు. చదివేవారిలో చాలామంది ఫోన్‌లో చూస్తారు. వేలు ఒకటి రెండు సార్లు జరిపేలోపు దుకాణం ఏమిటో తెలిసిపోవాలి. అందుకని మొదటి పేరాలోనే ఏం అమ్ముతారు, ఎక్కడి నుంచి, ఎవరు అన్న మూడూ ఉండాలి. శుభాకాంక్షలు, స్వాగత వచనాలు ఆ చోటును తినేయకూడదు. యజమానుల పేర్లు పూర్తిగా రాయాలి, ఇంటిపేరుతో సహా. ‘మా బృందం’ అని రాసి పేర్లు దాచడం ఇద్దరు మనుషులు నడిపే దుకాణానికి నప్పదు. పైగా అనుమానం రేపుతుంది. ఇద్దరే ఉంటే ఇద్దరే అని చెప్పుకోవాలి.

ఆ జంట తిరిగి రాసిన పేజీ ఇలా ఉండవచ్చు. పేర్లు రావాల్సిన చోటు ఖాళీగా ఉంచడమైంది.

“మంగళగిరిలో గుంట మగ్గాల మీద నేసిన నూలు చీరలు మాత్రమే ఇక్కడ దొరుకుతాయి. ఈ దుకాణాన్ని ……, …… అనే మేమిద్దరం మా ఇంటి నుంచే నడుపుతున్నాం. ఫోన్ చేస్తే మాలో ఒకరం పలుకుతాం.

మా చీరలు మంగళగిరిలోని ఎనిమిది మగ్గాల నుంచి వస్తాయి. ఆ నేతగాళ్లను మా నాన్నగారి కాలం నుంచీ ఎరుగుదుం. సాదా చీర నేయడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఒకసారి పడుగు ఎక్కిస్తే ఆ రంగులో కొన్ని చీరలే దిగుతాయి. అవి అయిపోతే మళ్లీ అదే రంగు అద్దించినా ఛాయలో కొంచెం తేడా వస్తుంది. కాబట్టి మీరు చూసే ఫొటో మీకు పంపే చీరదే.

మొదట్లో ట్యూబులైటు కింద ఫొటోలు తీసి, రంగు వేరుగా వచ్చిందని మాట పడ్డాం. ఇప్పుడు ప్రతి చీరనూ పగటి వెలుతురులో తీస్తాం. తిరగవైపు కూడా చూపిస్తాం. కొనే ముందు అడిగితే వీడియో కాల్‌లో చీర విప్పి చూపిస్తాం.

చేనేతలో అక్కడక్కడా పోగు మందంగా కనబడవచ్చు. అది లోపం కాదు. చిరుగు, మరక, తెగిన పోగులు ఉంటే లోపమే. చీర అందిన ఏడు రోజుల్లో ఫొటో పంపండి, మా ఖర్చుతో వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇస్తాం. ముదురు రంగులు మొదటి ఉతుకులో కొద్దిగా దిగుతాయి, విడిగా చన్నీళ్లలో ఉతకండి.

పట్టు చీరలు, మరమగ్గం చీరలు మేం అమ్మం.”

దీని తర్వాత చిరునామా, ఫోన్ నంబరు, పలికే వేళలు, ఇమెయిల్, జీఎస్టీ నమోదు ఉంటే ఆ నంబరు వస్తాయి. అక్కడి నుంచి చీరల పేజీకి దారి చూపే ఒక బటన్ ఉంటే చాలు.

ఈ రాతలో గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. పొగడ్త మాట ఒక్కటీ లేదు, అయినా నాణ్యత గురించి చదివేవారికి ఒక అంచనా వస్తుంది. సరుకు కొద్దిగా ఉండడానికి అసలు కారణం పడుగులో ఉందని చెప్పడం వల్ల ‘త్వరపడండి, రెండే మిగిలాయి’ అని తొందరపెట్టాల్సిన అవసరం తప్పింది. అన్నిటికన్నా ముఖ్యం, వస్తువు పరిమితులను దుకాణమే ముందు చెప్పింది. రంగు దిగుతుందన్న మాట అమ్మకాన్ని చెడగొడుతుందేమోనని యజమానులు భయపడతారు. కానీ ఆ సంగతి మొదటి ఉతుకులో ఎలాగూ బయటపడుతుంది. ముందు చెబితే అది చేనేత గురించిన జాగ్రత్త. తర్వాత తెలిస్తే మోసం. ఏది లోపం, ఏది కాదు అన్న గీత స్పష్టంగా గీయడం వల్ల తర్వాత వచ్చే వాదనలూ తగ్గుతాయి.

చివరి వాక్యం చిన్నదే, చేసే పని మాత్రం పెద్దది. ఏం అమ్మరో చెప్పే దుకాణానికి తన సరుకు మీద పట్టు ఉందని అర్థమవుతుంది. అయితే ఆ మాట నిజమైనంతకాలమే పేజీలో ఉండాలి. రేపు పట్టు చీరలు పెడితే ఆ రోజే వాక్యం మార్చాలి.

ధర గురించి ఎంత చెప్పాలి

మరమగ్గం మీద నేసిన అలాంటి చీర బజారులో చౌకగా దొరుకుతుంది. చేనేత చీర ధర చూసి కొత్తవారికి అనుమానం రావడం సహజం. ఆ అనుమానానికి ‘నాణ్యతకు తగ్గ ధర’ అన్నది జవాబు కాదు. ధర దేనికెంత పోతుందో చెప్పడం జవాబు.

ఉదాహరణకు 2,600 రూపాయల చీర లెక్క, పన్ను కాకుండా, ఇలా ఉందనుకుందాం. నూలు, జరీ, రంగు అద్దకానికి 850 రూపాయలు. పడుగు సిద్ధం చేయడానికి, నేత కూలికి 950. ప్యాకింగ్‌కు, కొరియర్‌కు 180. ఆన్‌లైన్ చెల్లింపు నడిపే సంస్థ తీసుకునేది 60. మిగిలిన 560లో ఫొటోలు, సైటు ఖర్చు, తిరిగి వచ్చిన చీరల నష్టం, యజమానుల జీతం, లాభం ఉంటాయి. పేజీలో ఈ పట్టిక అంతా పెట్టనక్కర్లేదు. ‘2,600 రూపాయల చీరలో 950 పడుగు పనికి, నేతకు వెళతాయి’ అన్న ఒక్క వాక్యం చాలు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. అంకె రాసిన తర్వాత నూలు ధర పెరిగితే, కూలి మారితే ఆ వాక్యం అబద్ధమవుతుంది. కాబట్టి అంకె పక్కన నెల, సంవత్సరం వేయాలి, లెక్క మారినప్పుడు సవరించాలి. సవరించే ఓపిక లేనివారు అంకె పెట్టకపోవడమే మేలు. నేతగాళ్ల ప్రస్తావన వచ్చినప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. వాళ్ల పేరు, ఫొటో, కూలి వివరం వాళ్ల అనుమతి లేకుండా పెట్టకూడదు. వాళ్ల పేదరికాన్ని చూపి జాలితో అమ్మడం కూడా తగదు. నేతగాడి నైపుణ్యం చెబితే గౌరవం, అతని లేమి చెబితే అతణ్ణి తక్కువ చేసినట్టు.

ముద్రలు, నమోదులు, చట్టం

సొంత మాటకు బయటి సాక్ష్యం తోడైతే బలం. చేనేతకు అలాంటి సాక్ష్యాలు ఉన్నాయి. 2006లో మొదలైన హ్యాండ్లూమ్ మార్క్, వస్తువు చేనేతదేనని తెలిపే ముద్ర. కేంద్ర జౌళి శాఖ కింద ఉన్న టెక్స్‌టైల్స్ కమిటీ దాన్ని నిర్వహిస్తుంది. నమోదు చేసుకున్నవారికే ఆ లేబుళ్లు దొరుకుతాయి. పట్టుకు సిల్క్ మార్క్ వేరే ఉంది. మంగళగిరి చీరలకు, బట్టలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఈ ముద్రల విషయంలోనే చిన్న దుకాణాలు తరచూ పొరపాటు పడతాయి. ఊరికి భౌగోళిక గుర్తింపు ఉందంటే ఆ ఊళ్లో అమ్మే ప్రతివారూ ఆ ముద్ర వేసుకోవచ్చని కాదు. అధీకృత వినియోగదారుగా నమోదైనవారికే ఆ హక్కు. అలాగే ఇంటర్నెట్‌లో దొరికిన హ్యాండ్లూమ్ మార్క్ బొమ్మను సైటులో అతికించడం సరికాదు. నమోదు ఉంటే ఆ నంబరు రాయాలి, చీర మీది లేబుల్ ఫొటో పెట్టాలి. నమోదు లేకపోతే ఆ ఊసెత్తకుండా, చేనేతను గుర్తించే మార్గాలు చెప్పవచ్చు. నేసేటప్పుడు బట్టను వెడల్పుగా సాగదీసి ఉంచే కర్ర సూదుల వల్ల అంచుల పొడవునా సన్నని రంధ్రాలు పడతాయి, వాటిని దగ్గరి ఫొటోలో చూపవచ్చు. ఇదొక్కటే తిరుగులేని రుజువు కాదు గానీ, చూపడానికి వెనకాడని దుకాణం అన్న అభిప్రాయం కలుగుతుంది.

కొన్ని వివరాలు ఇష్టాన్ని బట్టి పెట్టేవి కావు, చట్టం అడిగేవి. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవారు తమ చట్టబద్ధమైన పేరు, ప్రధాన చిరునామా, సంప్రదించే ఫోన్, ఇమెయిల్, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైటులో స్పష్టంగా కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇద్దరే నడిపే దుకాణంలో ఆ అధికారి యజమానుల్లో ఒకరే కావచ్చు. ఖాతాదారుల వేషంలో తామే మెచ్చుకోళ్లు రాసుకోవడాన్ని కూడా ఆ నియమాలు నిషేధించాయి.

ఈ వివరాలను చాలామంది సైటు అడుగున, చిన్న అక్షరాల్లో దాచేస్తారు. మొదటిసారి వచ్చినవారికి కావాల్సింది సరిగ్గా అవే. ‘మా గురించి’ పేజీలో మామూలు అక్షరాల్లో పెడితే చట్టం కోరినదీ నెరవేరుతుంది, ‘తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలి’ అన్న మూడో సందేహమూ తీరుతుంది. ఇంటి నుంచి నడిపేవారు చిరునామా పెట్టడానికి జంకడం అర్థం చేసుకోదగిందే. అయినా అమ్మే మనిషి ఎక్కడ ఉంటాడో తెలియకుండా ముందే డబ్బు పంపమని అడగడం కొనేవారికి అంతకన్నా ఇబ్బంది. ‘ముందుగా ఫోన్ చేసి రండి’ అని పక్కన రాసుకుంటే అకస్మాత్తుగా వచ్చేవారి బెడద తప్పుతుంది.

ఫొటోలు, మెచ్చుకోళ్లు

పేజీలో మాటలకు తోడుగా రెండు మూడు ఫొటోలు చాలు: యజమానులది ఒకటి, మగ్గం దగ్గర పని జరుగుతున్నది ఒకటి, చీర మడతపెట్టి ప్యాక్ చేస్తున్నది ఒకటి. ఫోన్‌తో తీసినవైనా ఫర్వాలేదు, సొంతవి కావాలి. ఇంటర్నెట్‌లో కొన్న ఫొటోను బొమ్మ ద్వారా వెతికితే అదే నవ్వు ముఖం పది సైట్లలో దొరుకుతుంది. అలా దొరికిందంటే పేజీలో మిగతా నిజాలన్నీ కూడా అనుమానంలో పడతాయి. ఫొటో కింద ఒక వరుస రాయాలి: ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు.

ఖాతాదారుల మాటలు పెట్టదలిస్తే ‘చాలా బాగుంది’ లాంటివి పనిచేయవు. ‘రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంది, జాకెట్టు ముక్క కొంచెం పొట్టిగా అనిపించింది’ లాంటి మాట అంతకన్నా మేలు. అందులో చిన్న అసంతృప్తి కూడా ఉంది కాబట్టే పొగిడిన భాగం నమ్మబుద్ధేస్తుంది. పేరుతో పెట్టే ముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి.

పేజీ పనిచేస్తోందా లేదా తెలుసుకోవడం

పేజీ రాశాక, దుకాణం గురించి ఏమీ తెలియని ఒకరికి ఫోన్ ఇచ్చి, ఒక నిమిషం చదవనివ్వాలి. ఫోన్ తీసుకుని నాలుగు ప్రశ్నలు అడగాలి: వీళ్లు ఏం అమ్ముతారు? ఎవరు, ఏ ఊరు? మిగతావారి కన్నా తేడా ఏమిటి? చీరలో చిరుగు వస్తే నువ్వేం చేస్తావు? జవాబు రాని ప్రశ్న దగ్గరే పేజీలో లోటు ఉంది. ఇలా ముగ్గురు నలుగురితో చేయించినా రాతలోని పెద్ద లోపాలు బయటపడతాయి. బంధువులతో చేయించడం వల్ల లాభం లేదు, వాళ్లకు జవాబులు ముందే తెలుసు.

తర్వాతి నెలల్లో ఫోన్‌కు, వాట్సాప్‌కు వచ్చే ప్రశ్నలు అసలు కొలమానం. ‘ఇది నిజంగా చేనేతేనా?’, ‘డబ్బు కట్టాక పంపుతారా?’ అన్నవి పదేపదే వస్తుంటే పేజీ తన పని చేయడం లేదు. ‘ఇదే అంచుతో ఆకుపచ్చ ఉందా?’ లాంటివి పెరిగితే సందేహం నుంచి కొనుగోలు వైపు మాట మళ్లినట్టు. సందర్శకుల లెక్కలు చూసేవారు ఈ పేజీ నుంచి ఎంతమంది చీరల పేజీకి వెళుతున్నారో, ఎంతమంది సైటు వదిలేస్తున్నారో గమనించాలి. కానీ రోజుకు కొద్దిమందే వచ్చే దుకాణంలో ఆ అంకెలు వారం వారం అటూ ఇటూ ఊగుతాయి. వాటిని చూసి పేజీని మాటిమాటికీ మార్చకూడదు.

ఈ పేజీకి ఒక హద్దు ఉంది. సందర్శకులందరూ దీన్ని తెరవరు. చాలామంది నేరుగా వస్తువు పేజీకి వచ్చి, అక్కడి నుంచే వెళ్లిపోతారు. అందుకని ఇందులోని ముఖ్యమైన మాటలు వాళ్లు ఉండే చోటికి నడవాలి. ‘ఈ ఫొటో మీకు పంపే చీరదే’ అన్నది ప్రతి చీర కింద ఉండాలి. వెనక్కి తీసుకునే షరతు డబ్బు కట్టే బటన్ దగ్గర ఉండాలి. అన్ని చోట్లా ఒకే మాట ఉండాలి. ఒక పేజీలో ఏడు రోజులని, మరోచోట మూడు రోజులని ఉంటే చదివేవారు రెండింటినీ నమ్మరు.

ఆరు నెలలకోసారి పేజీని మొదటి నుంచి చదివి, ఒక్కో వాక్యం ఇంకా నిజమేనా అని చూసుకోవాలి. ఫోన్ నంబరుకు వేరే ఫోన్ నుంచి చేసి చూడాలి. మగ్గాలు ఎనిమిది నుంచి పన్నెండయ్యాయా, ఫోన్ ఎత్తేది ఇంకా యజమానులేనా, పలికే వేళలు మారాయా సరిచూడాలి. దుకాణం పెరిగి, ఫోన్ తీయడానికి ఒకరిని పెట్టుకుంటే ‘మాలో ఒకరం పలుకుతాం’ అన్న వాక్యం తీసేసి, పలికేవారి పేరు రాయాలి. చేస్తున్న పని మారినప్పుడు రాసిన మాట కూడా దాంతోపాటు మారాలి. ఆ రెండింటికీ పొంతన ఉన్నంతకాలం, కొత్తగా వచ్చినవారు ఈ పేజీలో ఏ వాక్యాన్ని పట్టి అడిగినా దుకాణం దగ్గర జవాబు ఉంటుంది.